పాత పుస్తకాల అమ్మకం: మొదటి నెల లెక్క ఎక్కడ తప్పింది

పాత పాఠ్యపుస్తకాలను ఆన్‌లైన్‌లో అమ్మడం కాలేజీలో చదువుకుంటూనే చేయగలిగిన చిన్న వ్యాపారాల్లో ఒకటి. దుకాణానికి అద్దె కట్టక్కర్లేదు. ఐదారు వేల రూపాయలు పెడితే గదిలో ఒక అల్మరా నిండా సరుకు వస్తుంది. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు కాబట్టి, పుస్తకాలు మాత్రమే అమ్మేవారిని పాన్ కార్డుతోనే చేర్చుకునే వేదికలు ఉన్నాయి. ఇంత తేలిగ్గా మొదలయ్యే పనిలో చాలామందికి మొదటి నెలలోనే చేతి డబ్బు పోతుంది, పోయిన సంగతి నెలాఖరుకు గానీ తెలియదు. హైదరాబాద్ శివారులో బీటెక్ చదివే ఒక అమ్మాయి విషయంలోనూ అదే జరిగింది. ఆమె నోటుబుక్కులో రాసుకున్న లెక్కను మొదటి నుంచి చూస్తూ వస్తే, నష్టం ఎక్కడెక్కడ దాక్కుని ఉందో తెలుస్తుంది.

ఆమె సరుకు కొన్నది 2025 మే నెలలో. ఫైనలియర్ వాళ్లు హాస్టల్ ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లే రోజులవి. ట్రంకు పెట్టెలో పట్టని పుస్తకాలను ఎవరో ఒకరు తీసుకుంటే చాలనుకుంటారు. "నువ్వెంత ఇస్తే అంత, తీసుకెళ్లవే" అని ఇచ్చేసిన అక్కలు కూడా ఉన్నారు. అలా 22 పుస్తకాలు 2,900 రూపాయలకు వచ్చాయి. మిగతా 14 ఆబిడ్స్‌లో దొరికాయి. ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. వారం పొడవునా తెరిచి ఉండే కోఠి పాత పుస్తకాల దుకాణాల కంటే ఇక్కడ బేరం ఎక్కువ సాగుతుంది. ఆ పద్నాలుగింటికీ 2,100 అయింది. మొత్తం 36 పుస్తకాలకు 5,000 రూపాయలు. అట్టపెట్టెలు, బబుల్ ర్యాప్, టేపు, లేబుళ్లకు ఇంకో 900.

ధరలు పెట్టడంలో ఆమె పాటించిన సూత్రం ఒక్కటే. అట్ట వెనక అచ్చయిన ధరలో సుమారు నలభై శాతం. కొన్న ధరతో పోలిస్తే అది దాదాపు రెట్టింపు అవుతుంది కాబట్టి ఢోకా ఉండదనుకుంది. దానికి తోడు డెలివరీ ఉచితం అని పెట్టింది, ఎందుకంటే ఆ వేదిక మీద మిగతా అమ్మకందారులందరూ అలాగే పెట్టారు. మొదటి తప్పు ఈ సూత్రంలోనే ఉంది. పుస్తకాన్ని చేత్తో అందించినప్పుడు అచ్చు ధరతో పోల్చి బేరమాడటం సరిపోతుంది. కొరియర్‌లో పంపాల్సి వచ్చినప్పుడు మాత్రం పుస్తకం ఎంత బరువుంది, ఎంత చోటు పడుతుంది అన్నవి ముందుకొస్తాయి.

బి.ఎస్. గ్రేవాల్ 'హయ్యర్ ఇంజినీరింగ్ మ్యాథమెటిక్స్' పుస్తకం మీద జరిగిన ఒక్క అమ్మకం చూస్తే ఈ సంగతి పూర్తిగా అర్థమవుతుంది. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరే పిల్లలు ఏటా వెతికే పుస్తకమిది. వెయ్యి పేజీలు దాటిన లావు పుస్తకం. ఆమె దాన్ని 220 రూపాయలకు కొని 420కి పెట్టింది. రెండో రోజే ఆర్డరు వచ్చింది. కొరియర్‌కు 95 దాకా అవుతుందనీ, అది పోగా 105 రూపాయలు మిగులుతాయనీ నోటుబుక్కులో రాసుకుంది. ఆ 95 ఎక్కడిదంటే, లిస్టింగ్ పెట్టేటప్పుడు బరువు అడిగిన గడిలో ఆమె చేత్తో ఎత్తి చూసి కిలోన్నర అని నింపింది. తూచలేదు.

పుస్తకం నిజానికి కిలో ఎనిమిది వందల గ్రాములు ఉంది. ప్యాకింగ్‌తో కలిపి రెండు కిలోలు. అయితే కొరియర్ కంపెనీలు త్రాసు మీద పడ్డ బరువును మాత్రమే లెక్క పెట్టవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించగా వచ్చే అంకెను కూడా కిలోలుగా లెక్కిస్తాయి. దీన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ పడుతుంది. బండిలోనూ విమానంలోనూ బరువుతో పాటు చోటుకూ ఖరీదుంది కాబట్టి ఈ పద్ధతి వచ్చింది. ఆమె దగ్గర ఉన్నవన్నీ ఒకే కొలత పెట్టెలు, 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 12 ఎత్తు. గుణించి భాగిస్తే 2.88 వస్తుంది. బరువును అర కిలో మెట్లుగా పైకి సరిచేస్తారు కాబట్టి బిల్లు మూడు కిలోలకు పడింది. అంటే 165 రూపాయలు. అదే పుస్తకాన్ని దానికి సరిపోయే 30, 24, 12 పెట్టెలో పెట్టి ఉంటే 1.73 మాత్రమే వచ్చేది, అసలు బరువైన రెండు కిలోల దగ్గరే చార్జీ ఆగేది. ఖాళీలో కుక్కిన బబుల్ ర్యాప్ పుస్తకాన్ని కాపాడిన మాట నిజమే, కానీ ఆ ఖాళీకి కూడా ఆమె చార్జీ కట్టింది.

ఇక వేదిక వాటా. ఆమె అమ్మిన చోట కమిషన్ పన్నెండు శాతం, 420 మీద 50 రూపాయలు. పుస్తకం మీద జీఎస్టీ లేకపోయినా కమిషన్ అనేది సేవ, దాని మీద 18 శాతం పన్ను ఉంటుంది. అదో తొమ్మిది రూపాయలు. పెట్టె, టేపు కలిపి 32. ఇవన్నీ, 165 కొరియరూ పోగా 420లో ఆమెకు చేరింది 164. పుస్తకం కొన్నది 220కి. రెండో రోజే వచ్చిన ఆ ఆర్డరు మీద 56 రూపాయల నష్టం.

ఆ నెలలోనే అమ్ముడుపోయిన ఒక సన్నటి పుస్తకాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. నాలుగు వందల గ్రాములుండే ప్రాబ్లమ్స్ పుస్తకం అది. 120కి కొని 340కి అమ్మింది. దాన్ని పెట్టెలో కాకుండా గట్టి కవర్లో పంపింది కాబట్టి కొరియర్ 55, ప్యాకింగ్ 15 అయ్యాయి. కమిషన్ 41, దాని మీద పన్ను 7. అన్నీ పోగా 222 చేతికొచ్చింది, అందులో 102 లాభం. అమ్మిన ధర గ్రేవాల్ కంటే 80 తక్కువైనా మిగిలింది ఇందులోనే. పాత పుస్తకాల ఆన్‌లైన్ అమ్మకంలో ముందుగా చూసుకోవాల్సింది ఒక్కో కిలోకు ఎంత ధర పలుకుతుందనేది. గ్రేవాల్ కిలోకు రెండు వందల చిల్లర పలికింది. సన్న పుస్తకం ఎనిమిది వందల యాభై పలికింది. కిలోకు మూడు వందలైనా పలకని పుస్తకాన్ని ఉచిత డెలివరీ పెట్టి దూరం పంపితే నష్టం తప్పించుకోవడం చాలా కష్టం.

తపాలా శాఖ దారి చౌక కదా అనిపించవచ్చు. 2025 మే 1న మొదలైన 'జ్ఞాన్ పోస్ట్' కింద విద్యా పుస్తకాల ప్యాకెట్టు 300 గ్రాముల వరకు 20 రూపాయలకు, ఐదు కిలోల వరకు 100 రూపాయలకు వెళ్తుంది, పన్ను అదనం. కొరియర్‌తో పోలిస్తే ఇది ఎంతో తక్కువ. అయితే ఈ ప్యాకెట్లు రోడ్డు, రైలు మార్గంలోనే పోతాయి కాబట్టి ఆలస్యమవుతుంది, ఫలానా రోజుకు చేరాలని గడువు పెట్టే వేదికలకు కుదరదు. పైగా ఈ సౌకర్యం వాణిజ్య స్వభావం లేని అచ్చు సామగ్రికని నిబంధనల్లో ఉంది. అమ్మకానికి వాడాలనుకునేవారు ముందుగా కౌంటరులో అడిగి తెలుసుకోవడం మంచిది.

రెండో తప్పు సరుకు ఎంపికలో జరిగింది. దీని మూలం ఇంకా లోతుగా ఉంది, ఎందుకంటే దీన్ని త్రాసు, టేపు పెట్టి సరిచేయలేం. జేఎన్‌టీయూ హైదరాబాద్ కొన్నేళ్లకోసారి సిలబస్‌ను మారుస్తుంది. ఒక్కో సిలబస్‌కు ఒక్కో రెగ్యులేషన్ పేరు ఉంటుంది, ఆర్18, ఆర్22 అని. ఏ రెగ్యులేషన్‌లో చేరిన పిల్లలు చివరిదాకా ఆ రెగ్యులేషన్‌లోనే చదువుతారు. 2022-23లో చేరినవారి నుంచి ఆర్22 అమలైంది. 2025 మేలో హాస్టల్ ఖాళీ చేసిన ఫైనలియర్ వాళ్లు 2021-22లో చేరినవారు, అంటే ఆర్18లో చదువుకున్న చివరి బ్యాచ్. ఆమె వాళ్ల దగ్గర కొన్న 22 పుస్తకాల్లో ఐదు 'ఆల్ ఇన్ వన్' గైడ్లు. గైడు అంటే సిలబస్‌ను యూనిట్ల వారీగా విడగొట్టి, పాత ప్రశ్నపత్రాలకు జవాబులు చేర్చిన పుస్తకం. రెగ్యులేషన్ మారితే యూనిట్లు అటూ ఇటూ అవుతాయి, కొన్ని సబ్జెక్టులు వేరే సెమిస్టర్‌కు పోతాయి. ఇక ఆ గైడు కావాల్సింది బ్యాక్‌లాగ్ మిగిలిపోయిన పాత విద్యార్థులకే. అక్కలు అడిగినంతకే ఇచ్చేయడానికి ట్రంకులో చోటు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. తమ జూనియర్లకు అవి పనికిరావని వాళ్లకు తెలుసు.

గ్రేవాల్ లాంటి ప్రామాణిక పుస్తకాలకు ఈ చిక్కు తక్కువ. డిజిటల్ లాజిక్‌కు మోరిస్ మానో, ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు గాల్విన్ వంటివి ఏ ఒక్క విశ్వవిద్యాలయం సిలబస్‌కో రాసినవి కావు. ఎడిషన్ ఒకటి రెండు వెనకబడినా అమ్ముడవుతాయి. అటానమస్ హోదా ఉన్న కాలేజీలకు సొంత సిలబస్ ఉన్నా, రిఫరెన్సు జాబితాలో ఈ పేర్లే కనిపిస్తాయి. అందుకే కొనేటప్పుడు పుస్తకం ఎంత కొత్తగా మెరుస్తోందని కాకుండా, అది సిలబస్‌ను పట్టుకుని రాసినదా సబ్జెక్టును పట్టుకుని రాసినదా అని చూడాలి. చూడటానికి నిమిషం పట్టదు. గైడు అట్ట మీదే రెగ్యులేషన్ పేరు అచ్చయి ఉంటుంది.

ఆబిడ్స్‌లో కొన్న మూడు న్యాయశాస్త్ర పుస్తకాలదీ ఇదే కథ. ఐపీసీ, సీఆర్‌పీసీల మీద వ్యాఖ్యానాలు, గట్టి బైండింగు, ఒక్క గీత లేదు. అచ్చు ధరలో ఆరో వంతుకే వచ్చాయని ఆమె సంబరపడింది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చాయి. సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. హత్యానేరానికి శిక్ష 302వ సెక్షన్ నుంచి 103కు వచ్చింది. కొత్తగా ఎల్‌ఎల్‌బీలో చేరిన విద్యార్థి పాత వ్యాఖ్యానానికి డబ్బు పెట్టడు. ఫుట్‌పాత్ మీద అమ్మే మనిషికి ఈ మార్పు తెలుసు, చౌకగా ఇవ్వడానికి అదే కారణం. పాత పుస్తకాల బజారులో అంత కొత్తగా కనిపించే పుస్తకం మరీ చౌకగా దొరికిందంటే, ఎందుకో అడిగి తెలుసుకున్నాకే కొనాలి.

మూడో తప్పు, పుస్తకం ఎలా ఉందో రాయడంలో. ఆమె ప్రతి లిస్టింగుకూ అట్ట ఫొటో ఒకటి పెట్టి, కింద 'మంచి కండిషన్' అని రాసింది. ఆ మాటకు ఆమె అర్థం వేరు, కొన్నవాళ్ల అర్థం వేరు. ఒక ఆబ్జెక్టివ్ ప్రశ్నల పుస్తకంలో పాత యజమాని సరైన జవాబులన్నిటికీ పెన్నుతో గుండ్రాలు చుట్టాడు. మామూలు పాఠ్యపుస్తకంలో పెన్సిల్ గీతలు ఉంటే ఎవరూ పట్టించుకోరు. సాధన చేయడానికి కొన్న పుస్తకంలో జవాబులు ముందే కనిపిస్తే అది దేనికీ పనికిరాదు. వరంగల్ నుంచి అది వెనక్కి వచ్చింది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కొరియర్ ఖర్చు ఆమెదే. ఆ వేదికలో పుస్తకం వివరణకు తగ్గట్టు లేకపోతే రిటర్న్ భారం అమ్మినవారి మీదే పడుతుంది. అట్ట, వెనక అట్ట, ఎడిషన్ వివరాలున్న పేజీ, అన్నిటికంటే ఎక్కువ గీతలున్న పేజీ, ఈ నాలుగు ఫొటోలు పెట్టి ఉంటే ఆ మనిషి కొనేవాడే కాదు. కొనకపోవడమే ఆమెకు లాభం.

ఇంకో పుస్తకం క్యాష్ ఆన్ డెలివరీ మీద కర్నూలు వెళ్లింది. తలుపు దగ్గర తీసుకోలేదు. కొన్నవాళ్లకు ఈలోగా లైబ్రరీలో దొరికి ఉండవచ్చు, లేదా ఇంకెక్కడో తక్కువకు కొని ఉండవచ్చు. కారణం ఏదైనా రెండు వైపులా కొరియర్ ఆమె నెత్తినే పడింది. పుస్తకం విలువ రెండు మూడు వందలే అయినప్పుడు ఈ పద్ధతిని అనుమతించకపోవడమే మంచిది. దానివల్ల ఆర్డర్లు తగ్గుతాయి, నిజమే. తగ్గేవాటిలో చాలా భాగం ఇలా తిరిగొచ్చేవే.

తిరిగి వచ్చిన మూడో పుస్తకం వేరే చిక్కు తెచ్చింది. అది దొంగ అచ్చు. ఆబిడ్స్‌లో కట్టలో కలిసి వచ్చిన అల్గారిథమ్స్ పుస్తకం. కొన్నాయన ఫిర్యాదులో ఫొటోలు కూడా పెట్టారు. అసలు పుస్తకంలో రెండు రంగుల్లో ఉండే బొమ్మలు ఇందులో బూడిద రంగు మచ్చల్లా ఉన్నాయి. పేజీల అంచులు ఒక్కో చోట ఒక్కో కొలతలో ఉన్నాయి, కాగితం పలచన, వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తున్నాయి. వేలితో రుద్దితే సిరా అంటుకుంటోంది. వీపు మీద పుస్తకం పేరు పక్కకు జరిగి ఉంది. వేదిక ఆ లిస్టింగును తీసేసి, ఆమె ఖాతాకు హెచ్చరిక పంపింది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. పాత పుస్తకం అమ్మడంలో ఏ తప్పూ లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కు హక్కుదారుదే, కానీ ఇప్పటికే చలామణీలో ఉన్న ప్రతులకు ఆ హక్కు వర్తించదు. ఒకసారి న్యాయంగా అమ్ముడైన పుస్తకాన్ని తర్వాత ఎన్నిసార్లు చేతులు మార్చినా రచయిత, ప్రచురణకర్త అడ్డు చెప్పలేరు. అమెరికాలో ఇలాంటి వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సుపాప్ కిర్త్‌సాంగ్ అనే థాయ్‌లాండ్ విద్యార్థి, అక్కడ తక్కువ ధరకు దొరికే పాఠ్యపుస్తకాలను ఇంటివాళ్లతో కొనిపించి తెప్పించుకుని అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మాడు. ప్రచురణ సంస్థ దావా వేసింది. కింది కోర్టులో ఆరు లక్షల డాలర్ల జరిమానా పడింది. 2013 మార్చిలో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. కానీ ఇదంతా అసలు ప్రతికే వర్తిస్తుంది. దొంగ అచ్చు ప్రతిని అమ్మడం మన చట్టం ప్రకారం కాపీరైట్ ఉల్లంఘన, తెలిసి అమ్మితే జైలు శిక్ష కూడా ఉంది. పాతదైనంత మాత్రాన దొంగ ప్రతి న్యాయమైనదైపోదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల విషయంలోనైతే పేజీని వెలుతురుకు ఎత్తి చూస్తే వాటర్‌మార్కు కనిపిస్తుంది. మిగతా పుస్తకాలకు పైన చెప్పిన గుర్తులే ఆధారం. వాటిని చూడాల్సింది ఫుట్‌పాత్ దగ్గర నిలబడినప్పుడే.

నెలాఖరులో ఆమె లెక్క కట్టింది. ఆన్‌లైన్‌లో 15 పుస్తకాలు పంపితే మూడు వెనక్కి వచ్చాయి, 12 నిలిచాయి. ఆ పన్నెండింటి ధర 4,150. అందులో కమిషన్, దాని పన్ను కలిపి 588, కొరియర్ 1,420, తిరిగొచ్చిన మూడింటికి రాకపోకల ఖర్చు 480 పోగా 1,662 మిగిలింది. ఇవి కాక నాలుగు లావు పుస్తకాలను కాలేజీలోనే జూనియర్లకు చేత్తో ఇచ్చి 900 తీసుకుంది. మొత్తం 2,562. పెట్టింది 5,900. అంటే చేతిలోంచి 3,338 పోయి, అల్మరాలో 20 పుస్తకాలు మిగిలాయి. పన్నెండింటి డబ్బు కూడా అంతా వెంటనే అందలేదు. రిటర్న్ గడువు దాటాకే వేదిక డబ్బు జమ చేస్తుంది, చివరి వారం అమ్మకాల సొమ్ము తర్వాతి నెలకు పోయింది. కొత్త సరుకు కొనడానికి చేతిలో ఏమీ లేకపోయిందంటే దీనివల్లనే.

ఈ లెక్కలో గమనించాల్సింది ఆ 900 రూపాయలు. కొరియర్ లేదు, కమిషన్ లేదు, పెట్టె లేదు. కొన్న ధర 560 పోగా 340 మిగిలాయి. కష్టపడి ఆన్‌లైన్‌లో అమ్మిన పన్నెండింటికి కొన్న ధర, ప్యాకింగ్ తీసేస్తే అంత కూడా మిగల్లేదు. గ్రేవాల్ లాంటి బరువైన పుస్తకాలకు కొనేవాళ్లు అదే కాలేజీలోనో పక్క కాలేజీలోనో ఉంటారు. తేలికగా ఉండి ధర పలికే పుస్తకాలు, ఊళ్లో దొరకనివి, ఇవే కొరియర్ ఖర్చును మోయగలవు. కాలం కూడా ముఖ్యమే. మే నెల కొనడానికి మంచిది, అమ్మడానికి కాదు. తరగతులు మొదలై, అధ్యాపకులు పుస్తకాల పేర్లు చెప్పాకే గిరాకీ లేస్తుంది. మేలో కొన్న సరుకును అప్పటిదాకా ఓపికగా ఉంచుకోగలిగినవాళ్లకే ఈ వ్యాపారం అచ్చొస్తుంది.

మిగిలిన 20 పుస్తకాల్లో 11 బాగానే ఉన్నాయి, సెమిస్టర్ మొదలయ్యాక అమ్ముడవుతాయి. వాటిని కొనడానికి పెట్టినది సుమారు 1,600. జవాబులకు గుండ్రాలు చుట్టిన పుస్తకాన్ని కూడా ఆ సంగతి స్పష్టంగా రాసి సగం ధరకు పెట్టవచ్చు. ఆర్18 గైడ్లు ఐదింటిని బ్యాక్‌లాగ్ ఉన్న సీనియర్లకు, సప్లిమెంటరీ పరీక్షల ముందు, వచ్చినంతకు ఇచ్చేయాలి. ఆలస్యం చేసినకొద్దీ అడిగేవాళ్లు తగ్గుతారు. దొంగ అచ్చును ఏ ధరకూ అమ్మకూడదు. న్యాయశాస్త్ర పుస్తకాలు మూడింటికి మాత్రం కోర్టు దగ్గర కొనేవాళ్లు దొరుకుతారు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది, ఆ కేసులు ఇంకా నడుస్తున్నాయి. కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన జూనియర్ లాయర్లకు పాత వ్యాఖ్యానం ఇప్పటికీ అవసరమే.